మొదటి గ్లాసు, చివరి గ్లాసు

నేను మందు తాగను. తాగనని గొప్ప చెప్పుకోవడానికి కాదు, నాకు ఆ వాసనే పడదు. అలాంటి నాకు దేశంకాని దేశంలో, వాన్ అనే ఊళ్లో, ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌లో భోజనానికి ముందు ఏం పోయాలి, తర్వాత ఏం పోయాలి అన్న దాని మీద బతుకంతా ఆధారపడి ఉండే రోజొకటి వచ్చింది. నిజామాబాద్‌లో ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకోరు.

కాలేజీ అయిపోయాక వచ్చిన వర్క్ పర్మిట్ ఆ ఏడాది మే ఆఖరి గురువారంతో ముగుస్తుంది. మళ్లీ పొడిగించే రకం కాదది. ఇక్కడే ఉండాలంటే ఒక యజమాని నన్ను సూపర్‌వైజర్‌గా పెట్టుకుంటానని సంతకం చేసి, ప్రభుత్వానికి కాగితాలు పంపాలి. ఆ కాగితాలు కదలడానికి తక్కువలో తక్కువ నాలుగు నెలలు. అంటే జనవరిలో సంతకం పడితే పడ్డట్టు, లేకపోతే లేదు. నాకు ఆ సంతకం పెట్టగల మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ రెస్టారెంట్ ఓనర్, డెబ్బై దాటిన ఆవిడ. అందరం ఆవిణ్ణి సిన్యోరా, అంటే అమ్మగారు, అనే పిలిచేవాళ్లం.

నాకు సూపర్‌వైజర్ పని కావాలని, దానికి సంబంధించిన కాగితం ఒకటి ఉందని సిన్యోరాతో చెప్పాను. తేదీ మాత్రం చెప్పలేదు. మేలో పోయే మనిషికి ఇవన్నీ ఎందుకు నేర్పాలి అనుకుంటుందేమోనని భయం. ఆ ముక్క ఒక్కటీ నాలుక చివరిదాకా వచ్చి మళ్లీ లోపలికి పోయేది. మిగతా విషయాల్లో నా నోరు ఊరుకునే రకం కాదు. కస్టమర్‌కి ఎదురు చెప్పానని అంతకుముందు పనిచేసిన చోట రెండుసార్లు వార్నింగ్ తిన్నదాన్ని.

సిన్యోరా నాకు చాలా ఓపికగా నేర్పింది. వాళ్ల ఆదివారం భోజనం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలై సాయంత్రం ఐదు దాటేదాకా నడుస్తుంది. ముందు చిన్న పళ్లేలు, తర్వాత పాస్తా, తర్వాత మాంసం, సలాడ్, స్వీటు, పండ్లు, కాఫీ. అంతసేపు కూర్చుని తినాలంటే ఆకలిని ముందుగా లేపాలి. దాని కోసమే మొదటి గ్లాసు. అది చేదుగా, చల్లగా, తేలిగ్గా ఉండాలి. ప్రొసెక్కో అనే నురగ వైను మూడు వంతులు, నారింజరంగు చేదు మందు రెండు వంతులు, సోడా ఒక వంతు, ఐసు, నారింజ ముక్క. దాన్నే స్ప్రిట్జ్ అంటారు. అది వద్దనేవాళ్లకు వెర్మూత్, మూలికలు నానబెట్టిన వైను అది. తెరిచిన సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలని, విస్కీలాగా అరమీద పెడితే నెలలో చచ్చిపోతుందని మొదటి వారమే నాకు చీవాట్లు పడ్డాయి. పక్కన ఆలివ్‌లు, ఉప్పు బాదం, తరాల్లి అనే గట్టి చిన్న పిండి చక్రాలు. అంతే. బ్రెడ్ వద్దు, చీజ్ వద్దు, నూనెలో వేయించినవి అసలే వద్దు, తీపి జోలికే పోకూడదు. మనిషికి ఒక గ్లాసు, అరగంట. ఆ తర్వాత బల్ల దగ్గరికి.

చివరిది కాఫీ తర్వాత. అది కూడా చేదే, కానీ బరువైన చేదు. వేర్లు, బెరళ్లు, ఆకులు నానబెట్టి చేసే అమారో. ఇంకా గట్టిగా కావాలనేవాళ్లకు ద్రాక్ష పిప్పి నుంచి తీసిన గ్రప్పా. చిన్న గ్లాసులో రెండు గుక్కలు. తిన్నది అరుగుతుందంటారు. డాక్టర్లు ఒప్పుకోరని సిన్యోరాయే నవ్వుతూ చెప్పింది. ఆవిడ మాత్రం అమారో ముట్టుకోదు. రోజూ నాలుగింటికి నిమ్మతొక్కని తెల్లపొర రాకుండా పలచగా తీసి, ఒక బిర్యానీ ఆకుతో మరిగించి, పసుప్పచ్చగా దిగిన ఆ నీళ్లు చిన్న గ్లాసులో తాగేది. వాళ్ల ఊళ్లో కడుపు బరువెక్కితే అదే ఇస్తారట. మా ఇంట్లో వాము నీళ్లు ఇచ్చినట్టే.

రుచి చూడకుండా ఎలా నేర్చుకుంటావని అడిగేవాళ్లు. నాలుక చివర పెట్టుకుని సింకులో ఉమ్మేసేదాన్ని. చేదు నాకు కొత్తేం కాదు కదా, కాకరకాయ తిని పెరిగిన నోరు. ఏ చేదు నోట్లో నీళ్లూరిస్తుందో, ఏ చేదు నోరు కట్టేస్తుందో నాకు తొందరగానే పట్టుబడింది. అంత తెలిసీ తప్పు చేశాను.

జనవరి ఆఖరి ఆదివారం ఒక కుటుంబం ఇరవై రెండు మందికి బల్ల బుక్ చేసుకుంది. వాళ్ల పెద్దాయనకు ఎనభై నిండాయి. ఏళ్ల తరబడి మా దగ్గరికే వస్తున్నవాళ్లు. శనివారం సిన్యోరా నన్ను పిలిచి, రేపు మొదటి గ్లాసు నుంచి చివరి గ్లాసు దాకా బల్ల మొత్తం నీదే, నేను క్యాష్ దగ్గర కూర్చుంటాను, నోరు తెరవను అంది. బాగా నడిస్తే సోమవారం ఆ కాగితం సంగతి మాట్లాడదామంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందని అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆదివారం పొద్దున్నుంచీ మంచు. ఒంటిగంటకు పెద్దాయన కొడుకు, అతని భార్య, ముగ్గురు పిల్లలు, ఇంకో ఏడెనిమిది మంది చుట్టాలు వచ్చారు. పెద్దాయన్ని తీసుకురావాల్సిన కూతురు కారు, వెనకున్న ఇంకో రెండు కార్లు ఉత్తరాన హైవే మీద ఇరుక్కుపోయాయి. అరగంటలో వస్తామన్నారు. మళ్లీ ఫోన్ చేసి ఇంకో అరగంట అన్నారు.

నేను మొదటి గ్లాసులు లెక్క ప్రకారమే పోశాను. ఆలివ్‌లు, బాదం, తరాల్లి పెట్టాను. ఇరవై నిమిషాల్లో గిన్నెలు ఖాళీ. గ్లాసులు ఖాళీ. వాళ్లు ఖాళీ గ్లాసులు చేతిలో తిప్పుకుంటూ కిటికీలోంచి మంచు చూస్తున్నారు.

ఖాళీ చేతులతో కూర్చున్న అతిథిని చూస్తే నాకు ఏమైపోతుందో చెప్పలేను. మా వైపు పెళ్లిలో విస్తరి ఖాళీగా కనిపిస్తే ఆ ఇంటివాళ్ల పరువు పోయినట్టే. మగవాళ్ల దావత్‌లో ఐతే ఇంకా ఘోరం. గ్లాసు నిండుతూనే ఉండాలి, పక్కన స్టఫ్ ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉండాలి, చికెన్ ఫ్రై, బోటి, పల్లీలు, గుడ్లు. అన్నం వేళకు తినే ఓపిక ఎవరికీ ఉండదు, దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. ఆ స్టఫే దావత్. మా నాన్న తాగేవాడు కాదు కానీ వచ్చినవాళ్లకు పళ్లెం ఎండనిచ్చేవాడు కాదు. నేను పన్నెండేళ్ల వయసు నుంచి వంటింటికీ వసారాకీ మధ్య పళ్లేలు మోసినదాన్ని.

కిచెన్‌లోకి పోయి, చిన్న పళ్లేల కోసం చేసిపెట్టిన వేయించిన అన్నం ఉండలు, మాంసం ఉండలు, చీజ్ అన్నీ ఇవ్వమన్నాను. అక్కడ పాస్తా దగ్గర పనిచేసే నెల్లూరు అన్న నా వైపు అదోలా చూశాడు. సూపర్‌వైజర్ అవబోయేదాన్నని గొంతు పెంచాను. రెండో గ్లాసు పోశాను. మూడోది పోశాను. చెయ్యి కూడా వదులు చేశాను, సోడా తగ్గించి చేదు మందు పెంచాను. కొడుకు నా భుజం తట్టి, ఈ హోటల్‌లో ఇంత మంచి మర్యాద ఎప్పుడూ చూడలేదన్నాడు. నాకు ఒళ్లు పొంగిపోయింది. క్యాష్ దగ్గర సిన్యోరా మాట ప్రకారం నోరు తెరవలేదు. ఆవిడ ముఖం చూడాలని నాకు తట్టలేదు.

పెద్దాయన రెండు గంటల ఇరవైకి వచ్చాడు. ఆయనతో వచ్చినవాళ్లు ఆకలి మీద ఉన్నారు. ముందొచ్చినవాళ్లకు ఆకలన్నదే లేదు. బల్లకి ఒక సగం నవ్వుతూ అరుస్తోంది, ఇంకో సగం తలలు వంచుకుని తింటోంది. పాస్తా పళ్లేలు సగం సగం వెనక్కి వచ్చాయి. దూడమాంసం ఫోర్కు గుచ్చిన గుర్తు కూడా లేకుండా వచ్చింది. నెల్లూరు అన్న ఒక్కో పళ్లెం చెత్తడబ్బాలో వంచుతూ, "ఏందమ్మా ఇది, నేను పొద్దున్నే ఐదింటికి లేసి చేసింది ఈ డబ్బాకా? ఏం పెట్టినావు వాళ్లకి?" అన్నాడు.

"ఏం చేస్తనన్నా, వాళ్లు లేట్ చేసిండ్రు. ఊకెనే కూసోబెట్టాల్నా?"

"ఊరికే కూర్చోబెట్టేదే గదా ఇక్కడ పద్ధతి."

నేను మిగతా పళ్లేల కోసం బల్ల దగ్గరికి పోయాను. కూతురు నన్ను పిలిచి, నాన్న పుట్టినరోజు భోజనం మేం రాకముందే మా తమ్ముడితో అయిపోయినట్టుందే అంది. మెల్లగానే అంది. అరిచి ఉంటే బాగుండు.

స్వీటు అయింది, పండ్లు అయ్యాయి, కాఫీ అయింది. వైను కూడా పడేసరికి కొడుకు ముఖం ఎర్రబడి, మాట మాటకీ బల్ల గుద్దుతున్నాడు. కారు తాళాలు అతని కాఫీ కప్పు పక్కనే ఉన్నాయి. భార్య కూడా తక్కువ తాగలేదు. పిల్లలు ముగ్గురూ జాకెట్లు వేసుకుని తయారుగా ఉన్నారు. అతను లేచి నిలబడి, నాన్నకి అమారో, మిగతా అందరికీ గ్రప్పా, పెద్ద గ్లాసుల్లో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చివరి గ్లాసు వాళ్లకు ఉత్త తాగుడు కాదు. భోజనం నిండింది, మనం మనవాళ్లం, ఇక లేద్దాం అని చెప్పే గ్లాసు అది. అది ఇవ్వకపోవడమంటే ఇంటికొచ్చిన ముత్తైదువని బొట్టు పెట్టకుండా పంపడమే. కానీ తూలే మనిషికి ఇంకో చుక్క పోస్తే హోటల్ లైసెన్సుకే ఎసరు. మందు పోసే ప్రతివాళ్లూ ఎక్కడ ఆపాలో నేర్పే పరీక్ష ఒకటి రాసే వస్తారు, నేనూ రాశాను. లైసెన్సు పక్కన పెట్టినా, బయట మంచు, ఆ ముగ్గురు పిల్లలు. అతన్ని అలా చేసింది నా చెయ్యే. మూడు గ్లాసులు నేనే పోశాను, అడక్కుండా పోశాను.

సిన్యోరా వైపు చూశాను. ఆవిడ రసీదులు సర్దుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. పోస్తే నా కాగితం దక్కవచ్చు. పోయకపోతే ఆ బల్ల మొత్తం లేచి ఆవిడ మీదికి వస్తుంది, కాగితం పోయినట్టే. నిజం చెప్పాలంటే గ్రప్పా సీసా మూత తీశాను కూడా. మళ్లీ పెట్టేశాను.

కిచెన్‌లోకి వెళ్లి నిమ్మకాయలు పది తీసుకుని తొక్కలు తీశాను. తొందరలో తెల్లపొర కూడా వచ్చేస్తోంది. నెల్లూరు అన్న ఏమీ అడక్కుండా నా చేతిలోంచి కత్తి తీసుకుని తనే తీశాడు. బిర్యానీ ఆకు వేసి మరిగించాం. ఒక్క కొడుక్కి మాత్రమే ఇస్తే నలుగురిలో అతన్ని చెంపదెబ్బ కొట్టినట్టు ఉంటుందని, గ్రప్పా గ్లాసుల్లోనే అందరికీ అదే పోసి తీసుకెళ్లాను. పెద్దాయనకు మొదట పెట్టాను.

ఆయన గ్లాసు వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. నా వైపు చాలా మర్యాదగా చూశాడు.

"చిన్నప్పుడు జ్వరం వస్తే మా అమ్మ ఇది ఇచ్చేది. ఏడాదికి ఒక్క అమారోకే ఒప్పుకున్నాడు మా డాక్టర్, అది ఈ రోజు. నాకు ఎనభై వచ్చినందుకు జ్వరం మందు పోశావా తల్లీ?"

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆయన ఎందుకు తాగకూడదు? ఆయన వచ్చిందే ఆలస్యంగా, ఒక్క గ్లాసు వైను దాటలేదు. కొడుకు పరువు కాపాడాలన్న ఆలోచనలో ఆయన పండగ లాక్కున్నాను. పరుగెత్తుకుంటూ వెళ్లి అమారో పోసి తెచ్చేసరికి కొడుకు అరవడం మొదలుపెట్టాడు. నేను తాగుబోతునా, నీకు చెప్పే హక్కెవరిచ్చారు, ఓనర్ని పిలువు అన్నాడు. మీకు ఇక పోయలేనని చెప్పాను. చివరికి కూతురు తాళాలు తీసుకుని పర్సులో వేసుకుంది. పిల్లల్ని తన కారులో ఎక్కించుకుంది, తమ్ముడికీ మరదలికీ టాక్సీ పిలిచింది. పెద్దాయన అమారో బల్ల మీదే ఉండిపోయింది. ముట్టుకోలేదు.

సోమవారం సిన్యోరా నన్ను కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆ కూతురు ఫోన్ చేసి ఈస్టర్ బల్ల రద్దు చేసుకుందని చెప్పింది. కోపంగా లేదు ఆవిడ, అలసిపోయినట్టు ఉంది.

"చివరి గ్లాసు ఆపావు. మంచి పని చేశావు, నేనైనా ఆపేదాన్ని. కానీ ఆపాల్సిన అవసరం తెచ్చింది నీ మొదటి గ్లాసు. ఆకలితో ఉన్నవాళ్లని ఆకలితో ఉంచడానికి ధైర్యం కావాలి. నిన్న నీకు అది లేదు. ఎందుకో నాకు తెలియదు."

నాకు తెలుసు. ఆ పళ్లేలన్నీ నేను వాళ్ల కోసం మోయలేదు. నా కాగితం కోసం మోశాను. కొడుకు నా భుజం తట్టినప్పుడు నాకు కనిపించింది సంతకమే. అప్పుడైనా తేదీ చెప్పి ఉండాల్సింది. దానికి బదులు, సరే సిన్యోరా అని లేచి వెళ్లి గ్లాసులు తుడిచాను. తప్పు చేసిన మర్నాడే నా కష్టాలు చెప్పుకుంటే అడుక్కున్నట్టు ఉంటుందనిపించింది. నా పౌరుషం ఎప్పుడూ అక్కర్లేని చోటే లేస్తుంది.

నన్ను కాఫీ మిషన్ దగ్గర వేశారు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. సెలవు రోజుల్లో బస్సులు మారుతూ ఎన్ని హోటళ్లు తిరిగానో. ఆ కాగితం మాట ఎత్తగానే మేనేజర్లు చేతి గడియారం చూసుకునేవాళ్లు. ఆన్‌లైన్‌లో అప్లై చేసినవాటికి జవాబే లేదు. ఏజాక్స్ అనే ఊళ్లో ఉన్న ఫ్రెండ్, ఏం కాదే, ఏదో ఒకటి ఐతది అని ఫోన్‌లో అంటుంటే ఆమె మీద అరిచేదాన్ని. ఏదో ఒకటి అంటే ఏంటో ఎవరూ చెప్పలేదు. ఆదివారాలు మాత్రం కాఫీ మిషన్ వెనక నుంచి మొదటి గ్లాసు చూస్తూ ఉండేదాన్ని. బార్ దగ్గరి అతను అతిథులు ఖాళీ గ్లాసులతో కూర్చున్నా చలించడు. వచ్చి నీళ్లు పోస్తాడు, రెండు మాటలు మాట్లాడతాడు, వెళ్లిపోతాడు. వాళ్ల కళ్లు మెల్లగా కిచెన్ తలుపు వైపు తిరుగుతాయి. అప్పుడు మొదటి పళ్లెం వస్తుంది. ఇంత చిన్న పని.

మే ఆఖరి ఆదివారం ఆ బార్ అతనికి జ్వరం. చర్చిలో ఒక పాపకి మొదటిసారి ప్రసాదం ఇచ్చిన వేడుక, ముప్ఫై మంది భోజనం. సిన్యోరా వేరే దారి లేక నన్ను బార్ దగ్గరికి పంపింది. గురువారంతో నా పర్మిట్ అయిపోతుంది. నాకు పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి భయం కూడా మిగల్లేదు.

ఒక్కో గ్లాసు పోశాను. మూడు, రెండు, ఒకటి. పాపకి నారింజ ముక్కతో సోడా. ఆలివ్‌లు, బాదం, తరాల్లి. ఫాదర్ గారు నలభై నిమిషాలు ఆలస్యం. గ్లాసులు ఖాళీ అయ్యాయి. నా చేతులు వాటంతటవే సీసా వైపు పోతుంటే వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నీళ్లు పోశాను. పాప గౌను బాగుందన్నాను. ఒక తాతగారు కిచెన్ వైపు చూసి ముక్కు ఎగబీల్చాడు. పాస్తా వచ్చినప్పుడు ముప్ఫై మందీ ఒక్కసారి మాట ఆపేశారు.

సాయంత్రం అమారో కూడా అయి వాళ్లంతా వెళ్లాక నెల్లూరు అన్న నన్ను లోపలికి పిలిచాడు. సింకు పక్కన పళ్లేలు దొంతరగా ఉన్నాయి. "చూడమ్మా, సాసు కూడా బ్రెడ్డుతో తుడుచుకోని తిన్నారు. కడిగే పని గూడా ల్యా" అన్నాడు. నా ముఖం చూసి మాట ఆపేసి అటు తిరిగాడు. నేను ఆ పళ్లేల ముందు నిలబడి ఏడ్చాను.

బయటికొచ్చేసరికి సిన్యోరా కిటికీ పక్క బల్ల దగ్గర ఉంది. ముందు రెండు చిన్న గ్లాసులు, పసుప్పచ్చటి నీళ్లు, ఆవిరి వస్తూ. కూర్చోమంది.

"ఇప్పుడు వచ్చింది నీకు. ఆ కాగితం రేపు తీసుకురా. సంతకం పెడతాను."

నేను గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. గురువారం దాకానే నాకు పని చేసే హక్కుందని, ఆ కాగితం కదలడానికి నాలుగు నెలలు పడుతుందని, అది జనవరిలో పడి ఉండాల్సిన సంతకమని చెప్పాను. నాలుగు నెలలు దాచిన మాట నాలుగు ముక్కల్లో అయిపోయింది.

ఆవిడ చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు? నీకు టైముందనుకున్నాను. ఒక ఏడాది పట్టినా నేర్పుదామనుకున్నాను."

ఆవిడ లేచి, బార్ వెనక గోడ మీదున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది. కళ్లద్దాలు పెట్టుకుంది. గురువారం మీద వేలు పెట్టి, అక్కడి నుంచి ఆదివారం వైపుకి ఒక్కో గడీ వెనక్కి లెక్కపెట్టింది. నాలుగే ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.